వెల్ దిగువకి వాలిపోయింది, కెంట్లెడ్జ్ పెట్టాలా, తాడేసి లాగాలా?

ప్రశ్న: సార్, నదిలో బ్రిడ్జికి వెల్ ఫౌండేషన్ దించుతున్నాం. బయటి డయా 8 మీటర్లు, బావి గోడ అంటే స్టెయినింగ్ మందం 1.25. మొత్తం 24 మీటర్లు దిగాలి, ఇప్పటికి 9 మీటర్లు దిగింది, 3 మీటర్లు పైన ఉంది. మొదటి ఎనిమిది మీటర్లు ఇసుకలో బాగానే దిగింది, బంకమట్టి తగిలాక వాలడం మొదలైంది. గేజ్ రీడింగుల్లో దిగువ వైపు 160 మిల్లీమీటర్లు కిందకి, ఎడమ గట్టు వైపు 60 కిందకి ఉంది. టాప్‌లో సెంటర్ దిగువకి 300, ఎడమకి 70 జరిగింది. కాంట్రాక్టర్ ఎగువ వైపు బరువుకి 50 టన్నుల దిమ్మెలు, అదే కెంట్లెడ్జ్ పెడదాం అంటున్నాడు, ఇంకొకాయన తాడేసి లాగుదాం అంటున్నాడు. షిఫ్ట్ 300 చూసి నాకు నిద్ర పట్టట్లేదు. ఏం చెయ్యమంటారు?

జవాబు:

ముందు ఆ 300 గురించి చెప్తాను. అది మీ బావి అసలు షిఫ్ట్ కాదు, అందులో ఎక్కువ భాగం వాలు వల్ల వచ్చిందే. బావి పైనుంచి అడుగు అంచు, అంటే కటింగ్ ఎడ్జ్ దాకా 12 మీటర్లు ఉంది కదా, ఎగువ దిగువ దిశలో వాలు 8000 కి 160, అంటే 1 ఇన్ 50. 12 మీటర్ల ఎత్తుకి ఆ వాలు ఒక్కటే టాప్‌ని 240 మిల్లీమీటర్లు దిగువకి తోస్తుంది. 300 లోంచి 240 తీసేస్తే అడుగున జరిగింది 60 మాత్రమే. పక్క దిశలో కూడా ఇదే లెక్క, 60 కి 12 మీటర్ల మీద 90 వస్తుంది, టాప్‌లో మీకు కనిపించింది 70, అంటే అడుగు నిజానికి 20 మిల్లీమీటర్లు కుడి గట్టు వైపే ఉంది. కాబట్టి షిఫ్ట్ రిజిస్టర్‌లో టాప్ రీడింగ్ ఒక్కటే రాసి సంతకం పెట్టడం మానేసి, టాప్ షిఫ్ట్, ఆ రోజు మొత్తం ఎత్తు, అడుగు షిఫ్ట్ అని మూడు కాలమ్స్ పెట్టండి, సగం భయం అక్కడే పోతుంది.

భయపడాల్సింది వాలుకి. రెండు దిశలూ కలిపితే √(160² + 60²) = 171, అంటే దాదాపు 1 ఇన్ 47. బ్రిడ్జి పునాదుల కోడ్ ఐఆర్‌సీ 78 లో డిజైన్‌కి తీసుకోమన్నది 1 ఇన్ 80 వాలు, 150 మిల్లీమీటర్ల షిఫ్ట్. మీ డయాకి 1 ఇన్ 80 అంటే గేజ్ తేడా 100. మీరు 171 దగ్గర ఉన్నారు. దాటేశారు కానీ 9 మీటర్ల లోతులో ఇది సరిదిద్దగలిగేదే, ఇదే వాలు 18 మీటర్ల దగ్గర వచ్చుంటే నా మాట వేరేలా ఉండేది. లోతు పెరిగేకొద్దీ చుట్టూ మట్టి బావిని పిడికిట్లో పట్టినట్టు పడుతుంది, టాప్‌ని ఎంత గుంజినా అడుగు కదలదు.

ఇక్కడ ఒక్క అనుమానం తీర్చుకోండి, ఆ 160 మీరు ఎక్కడ కొలిచారు? స్టెయినింగ్ టాప్ మీద స్టాఫ్ పెట్టి కొలిస్తే ఆ అంకెని నేను నమ్మను. లిఫ్ట్, అంటే ఒక విడత కాంక్రీట్ పోసేటప్పుడు టాప్ ఒకవైపు రెండు మూడు సెంటీమీటర్లు ఎక్కువ తక్కువ రావడం మామూలే, అదంతా వాలు లెక్కలో కలిసిపోతుంది. కటింగ్ ఎడ్జ్ నుంచి మొదలుపెట్టి స్టెయినింగ్ బయటి ముఖం మీద నాలుగు వైపులా పెయింట్‌తో గేజ్‌లు గీసి ఉంటారు కదా, ఆ నాలుగు గేజ్‌ల మీద ఒకే అంకెని, ఉదాహరణకి 10 మీటర్ల గీతని, లెవల్‌తో చూడాలి. ఆ నాలుగు లెవల్స్ తేడాయే మీ వాలు. కొత్త లిఫ్ట్ పోసినప్పుడు గేజ్‌ని పాత గీతల నుంచే పైకి పొడిగించాలి, కొత్త కాంక్రీట్ టాప్ నుంచి కిందకి కొలిచి గీశారంటే తప్పు అక్కడే దూరుతుంది.

సరే, 160 నిజమే అనుకుందాం. ఇప్పుడు కెంట్లెడ్జా, తాడా అని అడిగే ముందు అసలు ఎగువ వైపు ఎందుకు దిగట్లేదో చూడాలి. ఇసుకలోంచి బంకమట్టిలోకి వెళ్ళినప్పుడు జరిగేది దాదాపు ఎప్పుడూ ఒకటే. గ్రాబ్ క్రేన్ నుంచి నిటారుగా వేలాడుతుంది, అది లోపలి 5.5 మీటర్ల గుండ్రంలో మాత్రమే తవ్వగలదు, 1.25 మీటర్ల మందం ఉన్న స్టెయినింగ్ కిందకి, గోడ అడుగున ఉండే కర్బ్ ఏటవాలు కిందకి దాని దవడలు చేరవు. ఇసుక అయితే మధ్యలో గుంట తీస్తే చుట్టూ ఉన్నది దానంతట అదే జారి వచ్చేస్తుంది, కర్బ్ కింద ఖాళీ అవుతుంది, బావి దిగుతుంది. బంకమట్టి అలా జారదు. గోడలాగా నిటారుగా నిలబడుతుంది, కర్బ్ కింద ఒక అరుగులాగా మిగిలిపోతుంది. బంకమట్టి పొర ఎగువ వైపు ముందు తగిలిందనుకోండి, ఆ అరుగు మీద బావి ఎగువ అంచు కూర్చుంటుంది, దిగువ వైపు ఇంకా ఇసుకే కాబట్టి అది దిగిపోతూ ఉంటుంది. పైన నిలబడి చూసేవాడికి బావి దిగువకి ఒరిగినట్టు కనిపిస్తుంది, జరిగింది మాత్రం ఎగువ వైపు ఆగిపోవడం.

ఇది ఊహో నిజమో తెలుసుకోవడానికి పెద్ద ఖర్చేం లేదు. లోపల చుట్టూ పన్నెండు చోట్ల, గడియారం అంకెల్లాగా అనుకోండి, స్టెయినింగ్ లోపలి ముఖం పక్కనుంచి బరువు కట్టిన టేప్ దించి అడుగు ఎంత లోతులో తగిలిందో రాసుకోండి. తర్వాత అదే పన్నెండు చోట్ల ఒక స్టీల్ పైపు దించి నాలుగు పోట్లు పొడవండి. ఇసుకలో పైపు గరగరమంటూ దిగుతుంది, బంకమట్టిలో మెత్తగా అతుక్కుని, పైకి లాగితే పట్టుకున్నట్టు వస్తుంది, పైపు మూతిలో మట్టి కూడా ఇరుక్కుని వస్తుంది. దుంగో బండో ఉంటే టక్కుమని చేతికి తెలిసిపోతుంది. ఈ పన్నెండు అంకెలు కాగితం మీద గుండ్రంగా రాస్తే ఎగువ వైపు అరుగు ఏ గంట నుంచి ఏ గంట దాకా ఉందో బొమ్మ కట్టినట్టు కనిపిస్తుంది.

ఇంకో విషయం, మీరు రాయలేదు గానీ అడుగుతున్నాను, తవ్విన మట్టి ఎక్కడ పోస్తున్నారు? నా మొదటి నాలుగేళ్ళలో ఒక సైట్‌లో బావి రోజూ ఒకే వైపుకి కొంచెం కొంచెం ఒరిగేది, లోపల ఎంత చూసినా కారణం దొరకలేదు. చివరికి ఒకరోజు ఒడ్డున నిలబడి టీ తాగుతూ చూస్తే, క్రేన్ ఆపరేటర్ తనకి బూమ్ తిప్పడం సులువని గ్రాబ్ మట్టంతా బావి చుట్టూ మట్టితో కట్టిన ఐలాండ్ మీద ఒకే పక్కన బావికి ఆనించి పోస్తున్నాడు, మూడు మీటర్ల ఎత్తు గుట్ట అయిపోయింది. ఆ గుట్ట బావిని పక్కకి తోస్తోంది. గుట్ట ఎత్తేశాక రెండు రోజుల్లో సగం గొడవ తగ్గింది. మీ దగ్గర ఎగువ వైపు అలాంటి గుట్ట ఉంటే ముందు దాన్ని తీయించండి, వాలిన వైపుకి అది తోస్తున్నట్టే కదా. అలాగే దిగువ వైపు ప్రవాహం ఐలాండ్ మట్టిని కోసుకుపోయి గుంట పెట్టిందేమో కూడా బయట చుట్టూ సౌండింగ్ చేసి చూడండి, గుంట ఉంటే ఇసుక బస్తాలతో నింపాలి.

ఇప్పుడు కెంట్లెడ్జ్ సంగతి. మీ స్టెయినింగ్ అడ్డకోత వైశాల్యం సుమారు 26.5 చదరపు మీటర్లు, 12 మీటర్ల ఎత్తుకి 318 ఘనపు మీటర్లు, అంటే 760 టన్నుల దాకా కాంక్రీట్, నీళ్ళలో మునిగిన భాగానికి తేలిక తీసేస్తే ఒక 500 టన్నులు అనుకోండి. బావి వాలి ఉంది కాబట్టి ఈ 500 టన్నుల బరువు కేంద్రం అడుగు మధ్య నుంచి 120 మిల్లీమీటర్లు దిగువకి జరిగి ఉంది, అంటే బావి తన బరువుతో తనే 60 టన్ను మీటర్ల మూమెంట్‌తో ఇంకా ఒరగాలని చూస్తోంది. ఎగువ అంచు మీద, సెంటర్ నుంచి 3.4 మీటర్ల దూరంలో 50 టన్నులు పెడితే 170 టన్ను మీటర్లు. తాడు అయితే టాప్‌లో 20 టన్నులు ఎగువకి లాగితే, బావి అడుగు నుంచి ఓ 3 మీటర్ల పైన ఉన్న బిందువు చుట్టూ తిరుగుతుందనుకుంటే, 9 మీటర్ల చేతికి 180 టన్ను మీటర్లు. అంటే 20 టన్నుల తాడు, 50 టన్నుల కెంట్లెడ్జ్ దాదాపు ఒకే పని చేస్తాయి. తాడులో లాభం ఏంటంటే కావాలంటే వదిలెయ్యొచ్చు, కెంట్లెడ్జ్ దింపడానికి ఒక పూట పడుతుంది, ఆ పూటలో బావి ఎటు పోతుందో అటు పోతుంది. పైగా కెంట్లెడ్జ్ ప్లాట్‌ఫాం ఎగువ వైపు కట్టేస్తే గ్రాబ్‌కి కావాల్సిన జాగా కూడా అదే తినేస్తుంది, తవ్వాల్సిన చోటే మూసేసుకున్నట్టు.

అయితే రెండింట్లో ఏది పెట్టినా, ఎగువ అంచు కింద అరుగు అలాగే ఉంటే ఉపయోగం ఉండదు. అరుగు తీయకుండా లాగితే తాడు తెగుతుంది, లేదా అరుగు ఒక్కసారిగా తెగి బావి దబ్బున కూర్చుంటుంది. కాబట్టి అసలు వైద్యం ఎగువ వైపు మట్టి తీయడమే, తాడు దానికి తోడు. దిగువ వైపు గ్రాబ్ వెయ్యడం ఇవాళే ఆపెయ్యండి, అక్కడ ఉన్న ఇసుక అక్కడే ఉండాలి, అదే ఇప్పుడు దిగువ అంచుకి దిండు.

ఎగువ వైపు గ్రాబ్‌ని వీలైనంత స్టెయినింగ్ దగ్గరగా వేస్తూ, అరుగుని కోయడానికి లోపలి నుంచి వాటర్ జెట్ పైపుని ఏటవాలుగా కర్బ్ కిందకి దించాలి, మట్టి గట్టిగా ఉంటే రైలు పట్టా ముక్కలతో చేసిన బరువైన చిజిల్ ఎత్తి పడేస్తారు, అది కూడా పనిచేస్తుంది. గుంట లోతు మాత్రం కటింగ్ ఎడ్జ్ కింద ఒక మీటర్ దాటనివ్వకండి. ఎంత తీసినా దిగట్లేదే అని ఇంకా ఇంకా లోతు తీసేస్తారు, అక్కడే ప్రమాదం. డైవర్‌ని దించాల్సి వస్తే గుంట లోతుగా ఉన్నప్పుడు, తాడు బిగిసి ఉన్నప్పుడు మాత్రం అస్సలు దించొద్దు, బావి ఎప్పుడు కదులుతుందో చెప్పి కదలదు. లోపల నీటి మట్టం ఎప్పుడూ బయట నది మట్టం కంటే కొంచెం పైనే ఉండేలా పంపుతో నింపుతూ ఉండండి. నీళ్ళు తోడేస్తే బరువు పెరిగి దిగుతుందని ఎవరో ఒకరు తప్పకుండా సలహా ఇస్తారు, మీ దిగువ వైపు ఇంకా ఇసుక ఉంది, లోపల నీళ్ళు తగ్గితే బయటి ఇసుక కర్బ్ కిందనుంచి ఉబికి లోపలికి వచ్చేస్తుంది, దాన్నే శాండ్ బ్లో అంటాం, అది దిగువ వైపు నుంచే వస్తుంది, అంటే ఉన్న దిండు కూడా పోతుంది, వాలు ఒక్క గంటలో రెట్టింపు అవుతుంది.

ఎంత వేగంగా సరిచెయ్యాలి అంటే, ఎగువ వైపు దిగువ కంటే 160 మిల్లీమీటర్లు ఎక్కువ దిగాలి కదా, దాన్ని ఒకే చోట తిప్పెయ్యాలని చూడకండి. బావి ప్రతి 20 సెంటీమీటర్లు దిగేటప్పుడు 20 మిల్లీమీటర్ల తేడా సరిచెయ్యండి, ఎనిమిది మెట్లు, మొత్తం 1.6 మీటర్లు. ప్రతి మెట్టుకీ నాలుగు గేజ్‌లూ లెవల్ చూసి, టాప్ సెంటర్ టోటల్ స్టేషన్‌తో తీసుకుని, అప్పుడే తర్వాతి గ్రాబ్. తేడా 40 కి వచ్చాక తాడు వదిలెయ్యండి, ఒకవైపు తవ్వడం కూడా ఆపి మామూలుగా మధ్యలో తవ్వుకుంటూ పోండి, ఎందుకంటే ఒకవైపు తీసిన మట్టి ప్రభావం మీరు ఆపిన వెంటనే ఆగదు, ఇంకో 20, 30 దానంతట అదే వస్తుంది. నేను సున్నా దాకా లాగి చూశాను, మర్నాడు పొద్దున వెళ్తే బావి రాత్రికి రాత్రి 40 సెంటీమీటర్లు దిగి అటు వైపు 90 ఒరిగి ఉంది, మళ్ళీ వారం రోజులు ఇటు.

ఇప్పుడు మీ నిద్ర పట్టని షిఫ్ట్ ఏమవుతుందో చూద్దాం. బావి తన అడుగు చుట్టూ తిరగదు, మట్టిలో దిగిన భాగంలో ఎక్కడో ఒక బిందువు చుట్టూ తిరుగుతుంది, నేను దిగిన లోతులో కింద నుంచి మూడో వంతు అనుకుంటాను, మీకు 3 మీటర్లు. నిటారు చేసినప్పుడు ఆ బిందువు పైన ఉన్నదంతా ఎగువకి వస్తుంది, కింద ఉన్నది దిగువకి తన్నుకుంటుంది. టాప్ 9 మీటర్లకి 180 వెనక్కి వచ్చి 300 కాస్తా 120 అవుతుంది. అడుగు 3 మీటర్లకి 60 దిగువకి పోయి 60 కాస్తా 120 అవుతుంది. రెండూ 120 దగ్గర కలిశాయి చూశారా, అంటే వాలు సున్నా అయినప్పుడు బావి మొత్తం 120 జరిగి నిలబడుతుంది. ఈలోగా ఒక చిన్న లాభం కూడా ఉంది, వాలిన బావి తన అక్షం వెంటే దిగుతుంది కాబట్టి ఆ 1.6 మీటర్లలో అడుగు ఓ 15 మిల్లీమీటర్లు ఎగువకి పోతుంది, లెక్కలో 105 అనుకోండి. పక్క దిశలో ఇదే లెక్క వేస్తే దాదాపు సున్నా. 150 లోపలే ఉన్నారు. పైగా మీ షిఫ్ట్ నది వెంట ఉంది, బ్రిడ్జి వెంట లేదు, బ్రిడ్జి వెంట జరిగితే స్పాన్ పొడవు మారి గర్డర్లు, బేరింగుల గొడవ వచ్చేది. నది వెంట జరిగిన దానికి వెల్ క్యాప్ మీద పియర్‌ని అసలు లైన్‌లోనే పెట్టుకుని, ఆ ఎసెంట్రిసిటీకి అడుగు ప్రెషర్, స్టెయినింగ్ స్ట్రెస్ డిజైనర్‌తో చెక్ చేయించుకుంటే సరిపోతుంది. 105 ని కూడా సున్నా చేద్దామని బావిని అటూ ఇటూ ఊపడం మొదలుపెట్టకండి, ఊపిన ప్రతిసారీ చుట్టూ మట్టి వదులవుతుంది.

చివరగా, మీ దగ్గర 3 మీటర్లు పైన మిగిలింది, 1.6 దిగాక కొత్త లిఫ్ట్ పొయ్యాల్సి వస్తుంది. అప్పటికి ఎంతో కొంత వాలు మిగిలే ఉంటుంది. షట్టరింగ్ మేస్త్రీ అలవాటుగా తూకం గుండు తీస్తాడు. తీయనివ్వకండి. వాలిన బావి మీద కొత్త లిఫ్ట్‌ని గుండుకి నిటారుగా కడితే, రేపు బావి నిటారు అయ్యాక ఆ లిఫ్ట్ ఇంకోవైపుకి వాలి ఉంటుంది, మధ్యలో మోకాలు వంగినట్టు ఒక వంపు పడుతుంది. ఆ వంపు మట్టిలోకి దిగేటప్పుడు ఒకవైపు గట్టిగా రాసుకుంటుంది, ఇంకోవైపు ఖాళీ వదులుతుంది, ఇక దించినంత కాలం అది వాలుతూనే ఉంటుంది. నేను చిన్నప్పుడు ఈ తప్పు చేసి ఒక బావిని అరటికాయలా చేశాను, సీనియర్ వచ్చి ఏం తిట్టకుండా మూడు మీటర్ల స్ట్రెయిట్ ఎడ్జ్ తెచ్చి పాత ముఖానికి ఆనించి పెట్టి, దాని పై సగం, నా కొత్త కాంక్రీట్ మధ్య ఎంత సందు ఉందో నాచేతే కొలిపించాడు, 55 మిల్లీమీటర్లు. అప్పట్నుంచి షట్టర్లు ఎప్పుడూ పాత ముఖానికి స్ట్రెయిట్ ఎడ్జ్ ఆనించే పెట్టిస్తాను, నాలుగు వైపులా కాదు, ఎనిమిది చోట్ల. వీలైతే వాలు 1 ఇన్ 80 లోపలికి వచ్చేదాకా ఆ లిఫ్ట్ పొయ్యకండి, పైన ఇంకో 150 టన్నులు పెడితే అది ఒరిగిన వైపుకే బరువు.

రేపు ఆ పన్నెండు చోట్ల సౌండింగ్ తీసి అంకెలు ఇక్కడ పెట్టండి, కటింగ్ ఎడ్జ్ ఏ లెవల్‌లో ఉందో కూడా నాలుగు వైపులా రాయండి, అరుగు ఎంత వెడల్పు ఉందో తెలిస్తే జెట్ ముందు ఎక్కడ దించాలో చెప్తాను. అప్పటిదాకా ఆ 50 టన్నుల దిమ్మెలు ఒడ్డునే ఉండనివ్వండి.